తరచుగా అడిగే ప్రశ్నలు: విదేశంలో ఉంటూ ఇంటివాళ్లకు బంగారం కొనడం, రేట్లు పోల్చుకోవడం

మా పిన్ని కొడుకు అబుదాబిలో ఉద్యోగం చేస్తాడు. రాజమహేంద్రవరంలో ఉన్న వాడి అక్క కూతురికి పెళ్లి కుదిరింది. మేనమామగా ఐదు కాసుల గొలుసు పెట్టాలని వాడి కోరిక. నేను పదకొండేళ్లు నగల దుకాణంలో బిల్లు బల్ల వెనక కూర్చున్నదాన్ని కాబట్టి రెండు నెలలపాటు రోజుకొక ప్రశ్న నాకు వచ్చి పడింది. వాడు అడిగినవీ, తర్వాత అమెరికా బంధువులు అడిగినవీ కలిపి ఇక్కడ రాశాను. లెక్కల్లో వాడిన బంగారం ధర, డాలరు ధర సులువు కోసం అనుకున్నవి. మీరు చేసేటప్పుడు ఆనాటి అంకెలు వేసుకోండి.

దుబాయిలో బంగారం చవక అంటారు కదక్కా. నిజంగా ఎంత చవక?

మన పెద్దవాళ్లు అనుకున్నంత కాదు. కారణం తెలిస్తే ఈ లెక్క నువ్వే ఎప్పుడైనా వేసుకోగలవు.

ప్రపంచమంతా బంగారానికి మూలధర ఒకటే. దాన్ని ఔన్సుకు ఇన్ని డాలర్లని చెబుతారు. ఔన్సంటే 31.1035 గ్రాములు. ఔన్సు 4,000 డాలర్లు అనుకుంటే 24 క్యారెట్ల గ్రాము సుమారు 128.60 డాలర్లు. దిర్హాము విలువ డాలరుకు 3.6725గా స్థిరంగా కట్టి ఉంది కాబట్టి దుబాయిలో ఆ గ్రాము 472 దిర్హాములు. ఇందులో 24కి 22 వంతులు తీసుకుంటే 22 క్యారెట్ల గ్రాము 433 దిర్హాములు. డాలరు 90 రూపాయలనుకుంటే దిర్హాము 24.50 రూపాయలు. అంటే 22 క్యారెట్ల గ్రాము మన డబ్బులో దాదాపు 10,610 రూపాయలు.

అదే బంగారం మన దేశంలోకి రావాలంటే దిగుమతి సుంకం కట్టాలి. ఆ సుంకాన్ని 2024 జులైలో 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించారు. 10,610కి 6 శాతం కలిపితే మన దగ్గర గ్రాము సుమారు 11,250 అవుతుంది. రెండు ఊళ్ల బోర్డుల మధ్య తేడాకు అసలు మూలం ఈ సుంకమే.

ఇక పన్ను. అక్కడ బిల్లు మీద వ్యాట్ 5 శాతం, ఇక్కడ జీఎస్టీ 3 శాతం. సుంకంలో మిగిలిన 6 శాతంలోంచి పన్నులో 2 శాతం పోతుంది. చివరికి దుబాయికి ఉండే లాభం ఇంచుమించు 4 శాతం. సుంకం 15 శాతం ఉన్న రోజుల్లో ఇదే తేడా 13 శాతం దాకా ఉండేది. మామయ్య వాళ్లు ప్రతి సెలవుకూ గొలుసులు తెచ్చింది ఆ రోజుల్లో. ఆ మాట ఇంట్లో నిలిచిపోయింది, సుంకం మాత్రం మారింది. ఇది ప్రభుత్వ నిర్ణయంతో ఎప్పుడైనా మారగలిగే అంకె కాబట్టి కొనే ముందు ఆనాటి సుంకం చూసుకుని, అందులోంచి రెండు తీసేస్తే నీ జవాబు దొరుకుతుంది.

పేపర్లో ఒక రేటు, టీవీలో ఒకటి, దుకాణంలో ఇంకొకటి. దేన్ని నమ్మాలి?

మూడూ నిజమే అయి ఉండవచ్చు. అవి చెప్పేది వేరువేరు వస్తువుల గురించి, వేరువేరు సమయాల గురించి. పేపర్లో ఉన్నది నిన్నటి ధర. టీవీలో కింద పరుగెత్తేది చాలాసార్లు 24 క్యారెట్ల పది గ్రాముల ధర. దుకాణం బోర్డు మీద ఉండేది 22 క్యారెట్ల గ్రాము ధర. వీటిని పక్కపక్కన పెట్టి ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనుకుంటే మొదటి అడుగులోనే తప్పటడుగు.

మన దేశంలో ఇండియా బులియన్ అండ్ జువెలర్స్ అసోసియేషన్ రోజుకు రెండుసార్లు ధర ప్రకటిస్తుంది. అందులో జీఎస్టీ గానీ మజూరీ గానీ ఉండదు. దుబాయిలో అక్కడి బంగారు వర్తకుల సంఘం ప్రకటించే ధర రోజులో కొన్నిసార్లు మారుతుంది. పోల్చాలంటే ఒకే రోజు, ఒకే గంటలో, ఒకే క్యారెట్ ధర రెండు చోట్లా అడుగు. ఇక్కడి దుకాణానికి ఫోను చేసి, “22 క్యారెట్ల గ్రాము ఎంత, జీఎస్టీ కలిపా కలపకుండానా” అని అడిగితే చెబుతారు. ఆ రెండో సగం అడగడం మరిచిపోకు.

అమ్మ కాసుల్లో చెబుతుంది, హైదరాబాద్ అత్తగారు తులాల్లో చెబుతారు. ఎలా కలపాలి?

కాసన్నా సవరన్నా 8 గ్రాములు. ఐదు కాసులంటే 40 గ్రాములు. తులం దగ్గరే చిక్కుంది. పాత తులం 11.66 గ్రాములు, గల్ఫ్‌లో అమ్మే తులం బిస్కెట్లు ఇప్పటికీ ఆ తూకమే. తెలంగాణలో మాత్రం ఈ రోజుల్లో తులమంటే పది గ్రాములుగా చెల్లుతోంది. నాలుగు తులాలని అత్తగారు అన్నప్పుడు 40 గ్రాములా, 46 గ్రాములకు పైనా అన్నది అడిగి తెలుసుకో. ఆ తేడా మన లెక్కలో 70 వేల రూపాయలకు పైమాటే. దుకాణంతో మాట్లాడేటప్పుడు గ్రాములు తప్ప మరో మాట వద్దు.

గ్రాముకు వంద తక్కువ ఇస్తామన్న దుకాణాన్ని వద్దన్నావు. ఎందుకక్కా?

నువ్వు పంపిన రెండు అంచనా కాగితాలూ పక్కన పెట్టుకుని చూశాను కాబట్టి.

మొదటి దుకాణం రేటు గ్రాము 11,250. గొలుసు 40 గ్రాములు. బంగారం విలువ 4,50,000. తరుగు 8 శాతం, అంటే 36,000. రెండూ కలిపి 4,86,000. దాని మీద జీఎస్టీ 3 శాతం 14,580. మొత్తం 5,00,580.

రెండో దుకాణం రేటు 11,150. బంగారం విలువ 4,46,000. ఇక్కడ నాలుగు వేలు మిగిలినట్టు కనిపిస్తుంది. తరుగు మాత్రం 14 శాతం, అంటే 62,440. కలిపితే 5,08,440. జీఎస్టీ 15,253. మొత్తం 5,23,693.

వంద తగ్గించిన దుకాణంలో 23 వేలు ఎక్కువ కట్టేవాడివి. బల్ల వెనక కూర్చుని ఇది నేను వందలసార్లు చూశాను. రేటు బోర్డు మీద ఉంటుంది, అందరి కళ్లూ అక్కడే. తరుగు బిల్లులో మూడో వరసలో ఉంటుంది.

అందుకే నేను ఒక్క అంకెనే చూస్తాను: అన్నీ కలిపి కట్టే మొత్తాన్ని అసలు బంగారం గ్రాములతో భాగిస్తే వచ్చేది. మొదటి దుకాణంలో గ్రాము 12,515 పడింది, రెండో దాంట్లో 13,092. దుబాయి అయినా డల్లాస్ అయినా రాజమహేంద్రవరం అయినా ఈ అంకెతో పోలిస్తే చాలు. వాళ్లు దాన్ని తరుగనీ, మజూరీ అనీ, వీఏ అనీ ఏ పేరుతో పిలిచినా ఈ భాగహారంలో దాగే చోటు ఉండదు.

ఇంతకీ తరుగంటే ఏమిటి? అది తగ్గిస్తారా?

కంసాలి బంగారాన్ని కరిగించి, సాగదీసి, ఆకురాయి పెట్టేటప్పుడు కొంత పొడిగా పోతుంది. ఆ నష్టానికి పుట్టిన మాట తరుగు. చేసిన కష్టానికి ఇచ్చేది మజూరీ. ఇప్పుడు చాలా నగలు యంత్రాల మీద తయారవుతున్నాయి, రాలిన పొడిని కూడా దాదాపుగా తిరిగి పట్టుకుంటారు. కాబట్టి బిల్లులో కనిపించే తరుగు శాతాన్ని పనితనానికీ దుకాణం లాభానికీ కలిపి వేసిన ధరగా చూడు. బంగారం రేటు మీద దుకాణదారుడు పెద్దగా తగ్గించలేడు. తరుగు మీద తగ్గించగలడు. బేరం అక్కడ చెయ్యాలి.

సాదా గొలుసుకు 8, 10 శాతం అంటే ఒప్పుకోవచ్చు. నక్షి పని, దేవతామూర్తుల నగలు, పచ్చి పని అయితే 18, 20 దాటి అడుగుతారు, చేతిపని ఎక్కువ కాబట్టి అందులో కొంత న్యాయం ఉంది. యంత్రం మీద చేసిన గొలుసుకు కూడా 16 శాతం అడిగితే లేచి రావాలి. ఇంకొకటి, గల్ఫ్‌లో మజూరీ శాతంగా కాక గ్రాముకు ఇన్ని దిర్హాములని చెబుతారు. 433 దిర్హాముల రేటు ఉన్నప్పుడు గ్రాముకు 35 దిర్హాములంటే 8 శాతం. 60 అంటే దాదాపు 14. అడిగింది చిన్న అంకెలా వినిపించినా శాతంలోకి మార్చి చూడు.

కొన్ని దుకాణాలు “తరుగు లేదు” అని పెద్ద బ్యానరు కడతాయి. అక్కడ మజూరీ ఎంతో, రేటు ఎంతో అడిగి, నేను చెప్పిన భాగహారం చేసి చూడు.

రాళ్లున్న నెక్లెస్ అయితే?

ముందు రెండు బరువులు అడుగు. ఒకటి మొత్తం బరువు, రెండోది రాళ్లు, పూసలు, లక్క తీసేసిన నికర బరువు. బంగారం ధర నికర బరువుకే కట్టాలి. మొత్తం 46 గ్రాములున్న నెక్లెస్‌లో రాళ్లు 4 గ్రాములనుకో. మొత్తం బరువుకు లెక్కగడితే ఆ నాలుగు గ్రాముల రాళ్లకు 45,000 బంగారం ధర పడుతుంది. దాని మీద 14 శాతం తరుగు, దాని మీద జీఎస్టీ, మొత్తం దాదాపు 53 వేలు. ఆ పైన రాళ్ల ధర విడిగా వేస్తే ఒకే రాయికి రెండుసార్లు డబ్బు కట్టినట్టే.

పెట్టుబడి సంగతి కూడా ఆలోచిస్తే, రేపు అమ్మాల్సి వచ్చినప్పుడు మామూలు రాళ్లకు వచ్చేది దాదాపు సున్నా. నీ మేనకోడలికి రాళ్ల నగ ఇష్టమైతే తప్పకుండా పెట్టు, అది అలంకారానికని తెలిసి పెట్టు.

నేనే అబుదాబిలో కొని సెలవుకు వచ్చేటప్పుడు తెస్తే?

అదే 40 గ్రాముల గొలుసుకు లెక్క వేద్దాం. 433 చొప్పున 17,320 దిర్హాములు. మజూరీ గ్రాముకు 35 చొప్పున 1,400. కలిపి 18,720. వ్యాట్ 5 శాతం 936. మొత్తం 19,656 దిర్హాములు, మన డబ్బులో సుమారు 4,81,600. ఇక్కడి 5,00,580తో పోలిస్తే 19 వేలు తక్కువ. ముందు చెప్పిన 4 శాతం ఇదే.

ఇప్పుడు విమానాశ్రయం. ఏడాదికి మించి విదేశంలో ఉండి వచ్చే మగవాళ్లు 20 గ్రాముల దాకా, ఆడవాళ్లు 40 గ్రాముల దాకా నగలను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. 2016 నాటి బ్యాగేజీ నిబంధనల్లో దీనికి 50 వేలు, లక్ష రూపాయల విలువ పరిమితి కూడా ఉండేది. బంగారం ధర పెరిగాక ఆ పరిమితి వల్ల బరువు సౌకర్యం పేరుకే మిగిలింది. ప్రయాణానికి ముందు అమల్లో ఉన్న నిబంధనను కస్టమ్స్ శాఖ సైటులో చూసి బయలుదేరు.

బరువు ఒక్కటే లెక్క అనుకుందాం. నీకు 20 గ్రాములు పోను మిగతా 20 గ్రాములకు సుంకం కట్టాలి. ఆరు నెలలకు తక్కువ కాకుండా బయట ఉండి వచ్చిన భారతీయులకు తగ్గింపు సుంకం ఉంది. 6 శాతం లెక్కన అది సుమారు 14,400. విదేశీ కరెన్సీలో కట్టాలి. రాళ్లు, ముత్యాలు పొదిగిన నగలకు ఈ తగ్గింపు వర్తించదు. ఆ 14,400 పోతే నీకు మిగిలేది దాదాపు 4,600 రూపాయలు. దాని కోసం మెడలో ఐదు కాసుల గొలుసు పెట్టుకుని విమానాశ్రయంలో సుంకం కట్టేవాళ్ల ఎర్ర వరస వెతుక్కోవడం నీ ఇష్టం. చెప్పకుండా పచ్చ వరసలోంచి వెళ్లిపోదామని మాత్రం అనుకోవద్దు. పట్టుబడితే నగ జప్తు అవుతుంది, జరిమానా పడుతుంది, పెళ్లికి ముందు వారం కస్టమ్స్ ఆఫీసు చుట్టూ తిరగాలి.

నీ మరదలు తెస్తే 40 గ్రాములూ ఉచితమే కదా?

తను కూడా ఏడాదికి మించి అక్కడే ఉంటే, అప్పుడు 19 వేలూ మిగులుతాయి. కానీ తన ఒంటి మీద ముందే ఉన్న గాజులు, మంగళసూత్రం గొలుసు సంగతి చూసుకోవాలి. ఇక్కడి నుంచి వెళ్లేటప్పుడే పెట్టుకు వెళ్లినవని చూపించే కాగితం లేకపోతే, వాటిని కూడా లెక్కలోకి తీసుకునే అధికారి ఎదురుపడవచ్చు. దేశం వదిలేటప్పుడే కస్టమ్స్ వాళ్ల దగ్గర ఎగుమతి ధ్రువపత్రం రాయించుకోవడం దీనికి సరైన దారి. చాలామంది చెయ్యరు. కనీసం పాత బిల్లులు ఫోనులో ఉంచుకోండి.

గొలుసుకు బదులు బిస్కెట్ తెచ్చి ఇక్కడ చేయిస్తే?

ఆ 20, 40 గ్రాముల సౌకర్యం నగలకే. బిస్కెట్‌కు, నాణేనికి మొదటి గ్రాము నుంచే సుంకం. అది కట్టాక ఇక్కడి మజూరీ ఎలాగూ ఉంది. పార్సిల్‌లో పంపే ఆలోచన కూడా వద్దు, ఈ మినహాయింపు మనిషి వెంట వచ్చే సామానుకే.

అమెరికాలో ఉన్న అన్నయ్య దుబాయి మీదుగా వస్తాడు. ఆయన కొంటే?

ఆయనకు ఒక వెసులుబాటు ఉంది, నీకు లేదు. అక్కడ నివాసం లేని పర్యాటకుడు కొన్న వస్తువుకు వ్యాట్‌లో 85 శాతం తిరిగి ఇస్తారు, చిన్న రుసుము పట్టుకుని. దుకాణంలో కొనేటప్పుడే ఆ పత్రం అడగాలి, విమానాశ్రయంలో సామాను చెక్ ఇన్ చేసే ముందు ధ్రువీకరణ చేయించాలి. విమానం మారే రెండు గంటల్లో ఊళ్లోకి వెళ్లి కొని ఇవన్నీ చెయ్యడం కుదరదు. ఒక రోజు ఆగేలా టికెట్ ఉంటేనే ఆలోచించమను.

అమెరికాలోనే మన వాళ్ల దుకాణాల్లో కొనాలనుకుంటే అదే భాగహారం. అక్కడ అమ్మకపు పన్ను రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, మజూరీ కూడా సాధారణంగా ఎక్కువే.

సరే, డబ్బు పంపి ఇక్కడే కొందాం. ఎవరి పేరు మీద బిల్లు తీసుకోవాలి?

నగ ఎవరికి పెడుతున్నావో ఆలోచించి ఆ ఇంటి మనిషి పేరు మీదే. నువ్వు మీ అక్క ఖాతాకు డబ్బు పంపితే, అక్క తన పాన్‌తో కొని బిల్లు తీసుకోవడం అన్నిటికన్నా సులువు. 2 లక్షలు దాటిన కొనుగోలుకు పాన్ అడుగుతారు. 2 లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోవడం దుకాణానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి బ్యాంకు ద్వారానే చెల్లించాలి. “బిల్లు లేకపోతే జీఎస్టీ ఉండదు” అని ఎవరైనా చెవిలో చెబితే, ఆ 14 వేల కోసం స్వచ్ఛతకూ, తూకానికీ ఉన్న ఒకే ఒక సాక్ష్యాన్ని వదులుకుంటున్నావని గుర్తు పెట్టుకో.

తమ్ముడు అక్కకు పంపిన డబ్బు మీద ఆమెకు ఆదాయపు పన్ను పడదు, ఎంతైనా సరే. అమ్మానాన్నలకూ, తోబుట్టువులకూ, మేనమామ నుంచి మేనకోడలికీ కూడా అంతే. పిన్ని పిల్లలం మనం మాత్రం ఆ చట్టం దృష్టిలో బంధువులం కాము. నువ్వు నా ఖాతాకు ఐదు లక్షలు వేసి “అక్కా, నువ్వే కొనిపెట్టు” అన్నప్పుడు వద్దన్నది అందుకే. ప్రేమ లేక కాదు.

డబ్బు పంపడంలో ఏమైనా పోతుందా?

పోతుంది. దీన్ని ఎవరూ బంగారం లెక్కలో కలపరు. నువ్వు గూగుల్‌లో చూసే దిర్హాము ధర వేరు, నీ బ్యాంకో ఎక్స్చేంజి కేంద్రమో నీకు ఇచ్చే ధర వేరు. ఐదు లక్షల మీద ఒక్క శాతం తేడా అంటే ఐదు వేలు. గొలుసు మెడలో వేసుకుని వచ్చి మిగిల్చే 4,600 కన్నా అది ఎక్కువ. రెండు మూడు చోట్ల, “20,500 దిర్హాములు ఇస్తే మా అక్క ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయి” అని ఒకే ప్రశ్న అడుగు. రుసుము లేదన్న చోట మారకపు ధరలో కోత ఎక్కువ ఉండవచ్చు. చేరే రూపాయలు చూస్తే సరిపోతుంది.

నేను అక్కడ ఉండను. వాళ్లు కొన్నది అసలైనదేనని ఎలా తెలుసుకోవాలి?

ఇది నాకు ఇష్టమైన ప్రశ్న, ఎందుకంటే ఇప్పుడు దీనికి జవాబుంది. మన దేశంలో 2021 జూన్ నుంచి హాల్‌మార్కు దశలవారీగా తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగ మీద అక్షరాలూ అంకెలూ కలిసి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు సంఖ్య ఉండాలి. నగ మీద మూడు గుర్తులు చూడాలి: త్రిభుజాకారపు బీఐఎస్ ముద్ర, 22K916 అనే స్వచ్ఛత గుర్తు, ఆ ఆరక్షరాల సంఖ్య. కొక్కెం దగ్గర చాలా చిన్నగా ఉంటాయి. భూతద్దం దుకాణంలో ఉంటుంది, అడిగితే ఇస్తారు.

వీడియో కాల్‌లో ఆ సంఖ్య చదివించుకుని, నీ ఫోనులో BIS Care యాప్ తెరిచి Verify HUID దగ్గర కొట్టు. నగ ఏ రకమో, స్వచ్ఛత ఎంతో, ఎవరు ఎప్పుడు పరీక్షించారో వస్తుంది. అక్కడ “ఉంగరం” అని వచ్చి నీ అక్క చేతిలో గొలుసు ఉంటే, ఆ సంఖ్య మరో నగది. డబ్బు కట్టకుండా బయటికి రమ్మను. వివరాలేవీ రాకపోయినా అంతే.

దీనికి ఒక హద్దుంది. ఆ సంఖ్య స్వచ్ఛతకు సాక్ష్యం. తూకానికీ, రాళ్ల లెక్కకూ నీ కళ్లే సాక్ష్యం. కాటా సున్నా చూపిస్తున్నప్పుడు ఫోను కెమెరా దాని మీదికి తిప్పమను, తర్వాత దారం, చీటీ లేకుండా గొలుసు పెట్టమను. బిల్లులో నికర బరువు, స్వచ్ఛత, ఆనాటి రేటు, తరుగు లేదా మజూరీ, హాల్‌మార్కు రుసుము విడివిడిగా ఉండాలి. హాల్‌మార్కు రుసుము నగకు 45 రూపాయలు, పైన పన్ను. దాన్ని వందల్లో వేశారంటే మిగతా వరసలు కూడా మళ్లీ చదవాలి.

అమ్మ ఇప్పటికీ “కేడీఎం నగేనా” అని అడుగుతుంది. కేడీఎం అన్నది ఒకప్పుడు అతుకులకు కాడ్మియం వాడే పద్ధతి పేరు. స్వచ్ఛతకు ప్రభుత్వ ముద్ర కాదు. ఈ రోజు ఆ మాట చెప్పి అమ్మేవాడి దగ్గర కొనవద్దు.

దుబాయి నగ మీద 916 ఉంటుంది కదా. ఇక్కడ అమ్మితే తేడా వస్తుందా?

బంగారం బాగానే ఉంటుంది, అక్కడి తనిఖీ గట్టిదే. కాకపోతే మన హెచ్‌యూఐడీ ఉండదు. అమ్మబోతే ఇక్కడి దుకాణం పరీక్ష చేసి, తనకు తోచినంత కోస్తుంది. కొన్న దుకాణంలోనే మార్చుకుంటే దొరికే మర్యాద బయటి నగకు దొరకదు. అతుకు ఊడినా, పొడవు తగ్గించాలన్నా కూడా ఇక్కడ కొన్నదయితే నడిచి వెళ్లి చేయించుకోవచ్చు. పదేళ్లు మెడలో ఉండే గొలుసుకు ఇది చిన్న విషయం కాదు.

అమ్మ పాత గాజులు ఇచ్చి మార్చుకుంటానంటోంది. అందులో చూసుకోవలసింది?

పాత గాజులను 22 క్యారెట్లు అనుకుని లెక్క వేసుకోవద్దు. హాల్‌మార్కు లేని రోజుల్లో చేసినవి 20 క్యారెట్లే తేలడం మామూలు. 24 గ్రాముల గాజులు 20 క్యారెట్లుగా తేలితే, 22 క్యారెట్ల లెక్కలో అవి 21.8 గ్రాములు. రెండు గ్రాములకు పైగా అక్కడే తగ్గింది. కరిగించే ముందు యంత్రం మీద పరీక్ష చేయించి, కాగితం చూసి, మరో దుకాణంలో కూడా అడగాలి. కరిగించాక వెనక్కి రాలేరు. పాతదానికి కట్టే రేటు, కొత్తదానికి వేసే రేటు రెండూ ఒకే రోజువి, ఒకటేనా అన్నది కూడా అడగాలి.

అక్షయ తృతీయ దాకా ఆగమంటున్నారు. తగ్గుతుందా?

పండగ చూసి బంగారం తగ్గదు. లండన్‌లో ధర నిర్ణయించేవాళ్లకు మన తిథులతో పని లేదు. ఆ రోజుల్లో తగ్గేది తరుగు, దుకాణాలు పోటీ పడతాయి కాబట్టి. ఆ తగ్గింపు మామూలు రోజున బేరం చేస్తే వచ్చేదానికన్నా ఎక్కువేనా అని ముందు వారమే ఒక అంచనా కాగితం రాయించి ఉంచుకుంటే తెలిసిపోతుంది. రద్దీ రోజున వీడియో కాల్‌లో భూతద్దం పట్టుకుని నిలబడే ఓపిక అమ్మకాల పిల్లలకు ఉండదు, అది కూడా ఆలోచించు.

పెళ్లికి రెండు నెలలుంటే రేటు పెరుగుతుందన్న భయానికి ముందుగా డబ్బు కట్టి రేటు ఖాయం చేసుకునే పద్ధతి ఉంది. రేటు తగ్గితే తగ్గిన రేటే వేస్తారా, ఎన్ని రోజుల గడువు, మానుకుంటే డబ్బు తిరిగి ఇస్తారా, ఈ మూడూ కాగితం మీద ఉండాలి. పదకొండు నెలల పొదుపు పథకాలు కూడా అడిగావు. చివర్లో తరుగు మినహాయింపు ఇస్తారు, అయితే ఏ శాతం దాకా, ఏ నగల మీద అన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ డబ్బు బ్యాంకు డిపాజిట్ లాంటిది కాదు, బీమా లేదు. దుకాణం మూతబడితే వరసలో నిలబడే అప్పులవాళ్లలో నువ్వూ ఒకడివి.

చివరికి ఏం చేశారు?

రాజమహేంద్రవరంలో రెండు, కాకినాడలో ఒకటి, మూడు దుకాణాల నుంచి వాళ్లక్క ఒకే రోజు ఉదయం 11 గంటలకు అంచనాలు రాయించింది. మూడింటినీ గ్రాముతో భాగించి చూశాం. రేటు తక్కువ చెప్పిన దుకాణమే మూడో స్థానంలో నిలిచింది. మొదటి స్థానంలో నిలిచిన దుకాణంలో తరుగు 9 అన్నారు, కాకినాడ కాగితం చూపిస్తే 8కి దిగారు. వాడు అబుదాబి నుంచి ఫోనులో సంఖ్య కొట్టి “గొలుసు అనే వచ్చిందక్కా” అన్నాక డబ్బు కట్టారు. బిల్లు ఫోటో ముగ్గురి ఫోన్లలో ఉంది. కాటా మీద 40.060 గ్రాములు తూగింది. ఆ 60 మిల్లీగ్రాములకు కూడా డబ్బు తీసుకున్నారు, అది న్యాయమే.